తొలి ఏళ్ల నష్టం, నాలుగో ఏటి పన్ను: తాడిపత్రి బండల ఫ్యాక్టరీ లెక్కతో పూర్తి వివరం

కొత్త వ్యాపారానికి మొదటి రెండేళ్లు నష్టం రావడం మామూలే. ఆ ఏళ్లలో కట్టాల్సిన పన్ను ఉండదు కాబట్టి రిటర్న్ మీద ఎవరికీ పెద్దగా శ్రద్ధ ఉండదు. "పన్నే లేనప్పుడు తొందరెందుకు, అక్టోబర్‌లో చూద్దాంలే" అంటారు. నిజానికి రిటర్న్ సరిగ్గా, సకాలంలో వేయాల్సింది ఆ రెండేళ్లలోనే. అలా వేస్తేనే ఆ నష్టాన్ని ముందుకు తెచ్చుకుని, తర్వాతి ఏళ్ల లాభంలోంచి తీసేసి పన్ను తగ్గించుకోవచ్చు. అక్కడ చేసిన పొరపాటు అప్పుడు కనిపించదు. మూడో ఏడు కూడా కనిపించకపోవచ్చు. లాభాలు గట్టిగా వచ్చే నాలుగో ఏడు పన్ను రూపంలో బయటపడుతుంది.

దీన్ని ఒక ఊహా లెక్కతో మొదటి నుంచి చివరిదాకా చూద్దాం. అనంతపురం జిల్లా తాడిపత్రిలో ఇద్దరు బావాబామ్మర్దులు సగం సగం వాటాతో ఒక పార్ట్‌నర్‌షిప్ సంస్థ పెట్టారు. పని నాపరాళ్లు కోసి పాలిష్ పట్టడం. మూతపడిన ఒక ఫ్యాక్టరీ నుంచి కటింగ్, పాలిషింగ్ మెషిన్లు 40 లక్షలకు కొన్నారు. 2024 నవంబర్ 1న ఉత్పత్తి మొదలైంది. పార్ట్‌నర్‌షిప్ సంస్థనే ఎందుకు తీసుకున్నానంటే, దానికి స్లాబులూ రిబేట్లూ లేవు. మొదటి రూపాయి నుంచే 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు, కలిపి 31.2 శాతం. అందుకే ముందుకు తెచ్చుకున్న నష్టంలో ప్రతి లక్షా తర్వాత 31,200 రూపాయల పన్ను తగ్గిస్తుంది. సొంత పేరు మీద వ్యాపారం చేసేవారి సంగతి వేరు, అది తర్వాత చెప్తాను.

ఒకటో మెట్టు: వ్యాపారం ఏ రోజు మొదలైందో రుజువు పెట్టుకోండి

వ్యాపారం పనికి సిద్ధమైన రోజు నుంచి పెట్టిన ఖర్చే వ్యాపార నష్టంలోకి వస్తుంది. అంతకుముందు షెడ్డుకు కట్టిన అద్దె, తిరుగుళ్ల ఖర్చు అందులో చేరవు. మెషిన్ల కోసం తీసుకున్న అప్పు మీద, అవి పనిలోకి దిగేదాకా అయిన వడ్డీ కూడా ఆ ఏటి ఖర్చు కాదు. దాన్ని మెషిన్ ధరకు కలిపి, దాని మీద తరుగుదల తీసుకోవాలి, అంటే ఆ ధరలో ఏటా కొంత శాతం ఖర్చుగా రాసుకోవాలి. మన లెక్కలో ఆ వడ్డీ, బిగింపు ఖర్చు అన్నీ కలిపే 40 లక్షలు అనుకుందాం.

తేదీకి రుజువు ఏమిటి? కరెంటు కనెక్షన్ ఇచ్చిన కాగితం, మొదటి నెల బిల్లులో యూనిట్లు, క్వారీ నుంచి మొదటి లోడు వచ్చిన బిల్లు, మొదటి జీఎస్టీ ఇన్వాయిస్. ఇవన్నీ ఒక ఫైల్‌లో పెట్టండి. తేదీకి ఇంకో పని కూడా ఉంది. మెషిన్ ఆ ఆర్థిక సంవత్సరంలో 180 రోజుల కంటే తక్కువ వాడితే తరుగుదల సగమే ఇస్తారు. మెషిన్లకు మామూలు రేటు 15 శాతం. నవంబర్‌లో మొదలుపెట్టారు కాబట్టి మొదటి ఏడు 7.5 శాతం, అంటే 3 లక్షలు. రెండో ఏడు మిగిలిన 37 లక్షల మీద 15 శాతం, అంటే 5.55 లక్షలు. కొత్త మెషిన్లు కొని తయారీ చేసేవారికి అదనపు తరుగుదల ఉంటుంది గానీ, ఒకసారి వాడిన మెషిన్లకు అది రాదు.

మా వైపు పాత మెషిన్ల బేరంలో ఎక్కువగా దెబ్బతగిలేది నగదు దగ్గరే. అమ్మేవాడు సగం క్యాష్ అడుగుతాడు. ఒక రోజులో ఒక మనిషికి 10 వేలు మించి నగదుగా ఇస్తే, ఆ మొత్తాన్ని మెషిన్ ధరలో లెక్కలోకి తీసుకోరు. 40 లక్షల్లో 15 లక్షలు క్యాష్ ఇచ్చారనుకోండి, తరుగుదల 25 లక్షల మీదే. రోజువారీ ఖర్చులకూ ఇదే 10 వేల పరిమితి. లారీ బాడుగకు మాత్రం 35 వేల దాకా వెసులుబాటు ఉంది. కానీ రాయి లోడు ధర 22 వేలు చేతికిస్తే ఆ 22 వేలూ ఖర్చు కింద ఒప్పుకోరు. నష్టమే వచ్చింది కదా, ఖర్చు ఒప్పుకోకపోతే ఏముంది అనిపిస్తుంది. పోయేది ఇప్పటి పన్ను కాదు, రేపు వాడుకోవాల్సిన నష్టం.

రెండో మెట్టు: నష్టాన్ని రెండు భాగాలుగా విడదీయండి

మొత్తం విషయానికి ఇదే ఇరుసు. "మనకు 11 లక్షల నష్టం" అని ఒకే అంకెగా మాట్లాడితే ముందుకు లెక్క కుదరదు. చట్టం దాన్ని రెండుగా చూస్తుంది.

మొదటిది వ్యాపార నష్టం. జీతాలు, కరెంటు, అద్దె, వడ్డీ వంటివన్నీ తీసేశాక, తరుగుదలకు ముందే మైనస్‌లోకి పోతే ఆ మొత్తం. దీన్ని తర్వాతి 8 ఏళ్లలో, వ్యాపార లాభంతో మాత్రమే సర్దుకోవచ్చు. గడువులోగా రిటర్న్ వేస్తేనే ఈ హక్కు ఉంటుంది.

రెండోది సర్దుబాటు కాని తరుగుదల. తీసుకోవడానికి లాభం లేక మిగిలిపోయిన తరుగుదల ఇది. దీనికి ఏళ్ల పరిమితి లేదు. రిటర్న్ ఆలస్యమైనా పోదు. తర్వాతి ఏళ్లలో అద్దె, బ్యాంకు వడ్డీ లాంటి ఇతర ఆదాయంతో కూడా సర్దుకోవచ్చు.

నష్టం వచ్చిన ఏట్లోనే సంస్థకు ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ వంటిది ఉంటే, ముందు అప్పుడే దాంతో సర్దుబాటు అయిపోతుంది. మిగిలిందే ముందుకు పోతుంది. ఇది మంచిదే. ముందుకు తెచ్చుకున్న నష్టానికి ప్రభుత్వం వడ్డీ ఇవ్వదు, ధరలు పెరిగాయని విలువా పెంచదు. 2024-25లో పోయిన లక్ష 2030లోనూ లక్షే. కాబట్టి ఎంత ముందు వాడుకుంటే అంత లాభం.

మూడో మెట్టు: భాగస్తుల జీతం సంగతి తేల్చుకోండి

ఇది చాలామంది వదిలేసే అవకాశం. సంస్థ నష్టంలో ఉన్నా, పనిచేసే భాగస్తులకు జీతం ఖర్చుగా రాసుకోవచ్చు. 2024-25 నుంచి నష్టం వచ్చిన ఏడాదికి ఈ పరిమితి అందరికీ కలిపి 3 లక్షలు. ఒక్కటే షరతు: పార్ట్‌నర్‌షిప్ డీడ్‌లో జీతం ఎంతో, లేదా ఎలా లెక్కకట్టాలో రాసి ఉండాలి. ఏడాది అయిపోయాక మార్చిన డీడ్ గడిచిన కాలానికి పనికిరాదు.

మన లెక్కలో ఇద్దరికీ నెలకు 30 వేల చొప్పున డీడ్‌లో రాశారు. 5 నెలలకు 3 లక్షలు, పరిమితికి సరిగ్గా సరిపోయింది. జీతానికి ముందు, తరుగుదలకు ముందు నష్టం 5 లక్షలు ఉంటే, జీతం కలిపాక 8 లక్షలైంది. భాగస్తులకు వచ్చింది చెరో లక్షన్నర. వాళ్లకు వేరే ఆదాయం లేకపోతే దాని మీద పన్ను లేదు. అంటే ఈ రోజు ఎవరూ ఏమీ కట్టలేదు, సంస్థ చేతిలో మాత్రం రేపటికి 93,600 రూపాయల పన్ను తగ్గించే నష్టం చేరింది.

కానీ భాగస్తుల్లో ఒకరికి ఇప్పటికే వేరే వ్యాపారంలో 30 శాతం స్లాబు ఆదాయం ఉంటే కథ తిరగబడుతుంది. ఆయన ఇప్పుడే పన్ను కట్టాలి, సంస్థకు ప్రయోజనం మూడు నాలుగేళ్ల తర్వాత. అలాంటప్పుడు నష్టాల ఏళ్లలో ఆయనకు జీతం లేకుండా డీడ్ రాసుకోవడమే నయం. 2025 ఏప్రిల్ 1 నుంచి ఇంకో పని చేరింది. ఒక భాగస్తుడికి జీతం, వడ్డీ వంటివి ఏడాదికి 20 వేలు దాటితే సంస్థ 10 శాతం టీడీఎస్ పట్టుకోవాలి. పన్ను లేని భాగస్తుడు తన రిటర్న్ వేసి దాన్ని వెనక్కి తెచ్చుకోవాలి.

రెండో ఏడు 2025-26లో వ్యాపారం కాస్త నిలబడింది. జీతం, తరుగుదల తీయక ముందు 2 లక్షలు మిగిలింది. డీడ్ ప్రకారం జీతం 7.2 లక్షలు, కానీ తరుగుదల తీస్తే నష్టమే కాబట్టి చట్టం ఒప్పుకునేది 3 లక్షలే. దాంతో వ్యాపార నష్టం 1 లక్ష. తరుగుదల 5.55 లక్షలు మొత్తం మిగిలిపోయింది.

రెండేళ్లు కలిపితే: వ్యాపార నష్టం 8 + 1 = 9 లక్షలు. తరుగుదల 3 + 5.55 = 8.55 లక్షలు. మొత్తం 17.55 లక్షలు.

ఈ దశలో కొందరు "ఎందుకొచ్చిన పుస్తకాలు, సెక్షన్ 44ఏడీ కింద టర్నోవర్‌లో 8 శాతం లాభం చూపించేద్దాం" అంటారు. నష్టాల్లో ఉన్న సంస్థ అలా చేస్తే లేని లాభానికి పన్ను కట్టాలి. భాగస్తుల జీతం తీసుకునే వీలుండదు, తరుగుదల కూడా ఇచ్చేసినట్టే లెక్క. నష్టం ముందుకు పోవాలంటే పుస్తకాలు రాయాల్సిందే.

నాలుగో మెట్టు: గడువు

సంస్థ వేయాల్సింది ఐటీఆర్-5. నష్టం వచ్చినా తప్పనిసరిగా వేయాలి. అసలు చిక్కు ఏ గడువు వర్తిస్తుందన్నది. ఆడిట్ అవసరమైన వారికి ఒక తేదీ, అవసరం లేని వారికి అంతకంటే ముందు తేదీ. 2024-25 ఆదాయానికి ఆడిట్ లేనివారి గడువు జులై 31 నుంచి పెరుగుతూ 2025 సెప్టెంబర్ 16 దాకా వచ్చింది. ఆడిట్ ఉన్నవారికి డిసెంబర్ 10 దాకా దొరికింది.

టర్నోవర్ కోటి దాటని, ఇంతకుముందు 44ఏడీ ఎంచుకోని కొత్త సంస్థకు నష్టం వచ్చిందన్న ఒక్క కారణంతో ఆడిట్ తప్పనిసరి కాదు. అయినా "నష్టం కదా, ఆడిట్ చేయించాలి, టైముంది" అనుకుని అక్టోబర్‌లో వేస్తారు. తర్వాత చూస్తే ఆడిట్ అక్కర్లేదు, అంటే వాళ్ల గడువు సెప్టెంబర్ 16తోనే ముగిసింది. 8 లక్షల వ్యాపార నష్టం పోయినట్టే. అందుకే ఏప్రిల్‌లోనే మీ ఆడిటర్‌ను సూటిగా అడగండి: మాకు ఆడిట్ వర్తిస్తుందా, ఈ ఏడు మా గడువు ఏది? తేదీలు ఏటా మారుతున్నాయి, పోయిన ఏటి తేదీని నమ్ముకోవద్దు.

ఇంకో ఉచ్చు వెరిఫికేషన్. రిటర్న్ అప్‌లోడ్ చేసిన 30 రోజుల్లో ఈ-వెరిఫై చేయాలి. ఆ 30 రోజులు దాటితే వెరిఫై చేసిన తేదీనే రిటర్న్ వేసిన తేదీగా తీసుకుంటారు. గడువుకు నాలుగు రోజుల ముందే వేసి, ఓటీపీ కోసం భాగస్తుడి ఫోన్ దొరక్క నలభై రోజులు గడిపేస్తే, కాగితం మీద ఆలస్యంగా వేసినట్టే.

గడువులోగా వేసిన రిటర్న్‌లో ఒక ఖర్చు మరిచిపోతే సవరించిన రిటర్న్ వేసి నష్టాన్ని పెంచుకోవచ్చు. అసలు వేయకుండా తర్వాత అప్‌డేటెడ్ రిటర్న్‌తో నష్టం అడగడం కుదరదు. గడువు దాటడానికి నిజమైన కారణం ఉంటే, ఉదాహరణకు భాగస్తుడు ఆస్పత్రిలో ఉంటే, ఆలస్యాన్ని మన్నించమని సెక్షన్ 119(2)(b) కింద దరఖాస్తు చేసుకోవచ్చు. 2024 అక్టోబర్ 1 నాటి సర్క్యులర్ ప్రకారం కోటి రూపాయల లోపు నష్టాలపై ప్రిన్సిపల్ కమిషనర్ లేదా కమిషనర్ నిర్ణయిస్తారు. అసెస్‌మెంట్ ఇయర్, అంటే నష్టం వచ్చిన ఏటి తర్వాతి ఆర్థిక సంవత్సరం, ముగిసిన 5 ఏళ్లలోగా దరఖాస్తు పెట్టాలి. ఇస్తారన్న గ్యారంటీ లేదు, కాగితాలు గట్టిగా ఉండాలి.

ఐదో మెట్టు: నష్టం రికార్డులోకి ఎక్కిందో లేదో చూసుకోండి

రిటర్న్ వేయగానే పని అయిపోలేదు. నింపిన ఫారంలో `Schedule CFL` తెరవండి. ముందుకు పోయే వ్యాపార నష్టం ఏ ఏటిది ఎంతో అక్కడ వరుసగా ఉంటుంది, ఆ ఏటి రిటర్న్ వేసిన తేదీతో సహా. తరుగుదల అందులో ఉండదు, `Schedule UD`లో ఉంటుంది. మొదటి ఏటి 8 లక్షల నష్టం, 3 లక్షల తరుగుదల కలిసి 11 లక్షలూ ఒకేచోట కనిపిస్తే రెండో మెట్టు తప్పినట్టే. ఎనిమిదేళ్ల తర్వాత కూడా బతకాల్సిన 3 లక్షల తరుగుదలకు అనవసరంగా గడువు పెట్టుకున్నట్టు.

తర్వాత సెక్షన్ 143(1) ఇంటిమేషన్ మెయిల్‌కు వస్తుంది. రిఫండ్ లేదు, డిమాండ్ లేదు అని సున్నా చూసి మూసేయకండి. అందులో పక్కపక్కనే రెండు కాలమ్‌లు ఉంటాయి: మీరు చూపిన అంకె, డిపార్ట్‌మెంట్ లెక్కకట్టిన అంకె. నష్టాల వరుసలో రెండూ ఒకటేనా చూడండి. తేడా ఉంటే అప్పుడే సెక్షన్ 154 కింద సవరణ అడగాలి. మూడేళ్ల తర్వాత వాదించడం చాలా కష్టం.

ఆరో మెట్టు: లాభాల ఏళ్లలో సర్దుబాటు

వరుస క్రమం మన ఇష్టం కాదు. ముందు ఆ ఏటి తరుగుదల, తర్వాత పాత వ్యాపార నష్టం, ఆ తర్వాత పాత తరుగుదల. 8 ఏళ్ల గడువున్నదే ముందు వాడబడుతుంది కాబట్టి ఈ క్రమం మనకు మేలే.

మూడో ఏడు 2026-27లో జీతాలు, ఆ ఏటి తరుగుదల పోగా 7 లక్షల లాభం వచ్చిందనుకుందాం. మొదటి ఏటి 8 లక్షల నష్టంలో 7 లక్షలు సర్దుబాటు. పన్ను సున్నా. మిగిలింది వ్యాపార నష్టం 2 లక్షలు, తరుగుదల 8.55 లక్షలు. నాలుగో ఏడు 12 లక్షల లాభం. 2 లక్షల నష్టం, 8.55 లక్షల తరుగుదల తీసేస్తే 1.45 లక్షలు మిగులుతుంది. పన్ను 45,240 రూపాయలు. పాత నష్టం లేకుండా ఈ రెండేళ్ల పన్ను 2,18,400, 3,74,400 కలిపి 5,92,800 అయ్యేది.

ఇప్పుడు మొదటి ఏటి రిటర్న్ మాత్రమే ఆలస్యమైందనుకోండి. 8 లక్షల వ్యాపార నష్టం పోయింది, తరుగుదల నిలిచింది. మూడో ఏటి 7 లక్షల లాభంలో రెండో ఏటి నష్టం 1 లక్ష, తరుగుదల 6 లక్షలు సర్దుకుపోతాయి. పన్ను మళ్లీ సున్నానే! ఏమీ తేడా కనిపించదు. నాలుగో ఏడు 12 లక్షల లాభానికి మిగిలిన తరుగుదల 2.55 లక్షలే. పన్ను 2,94,840. అంటే 2025లో దాటిపోయిన గడువుకు బిల్లు 2,49,600 రూపాయలు, అదీ 2027-28లో వస్తుంది.

1961 చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయి, 8 ఏళ్ల పద్ధతి అలాగే ఉంది. పాత చట్టం కింద తేలిన నష్టాలు మిగిలిన ఏళ్లకు కొత్త చట్టంలోకి వస్తాయి. మన మొదటి ఏటి నష్టాన్ని 2032-33 లాభం దాకా వాడుకోవచ్చు.

సొంత పేరు మీద వ్యాపారమైతే

ఇదే లాభనష్టాలు ఒక వ్యక్తి పేరు మీద వచ్చాయనుకోండి. కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం దాకా రిబేట్ వల్ల పన్ను సున్నా. 7 లక్షల ఏడూ, 12 లక్షల ఏడూ నష్టం లేకున్నా పన్ను పడేది కాదు. అయినా సర్దుబాటు తప్పదు. "ఈ ఏడు పన్ను లేదు, నష్టాన్ని వచ్చే ఏటికి దాచుకుంటా" అనే వీలు చట్టంలో లేదు. 17.55 లక్షల నష్టం ఒక్క రూపాయి పన్ను తగ్గించకుండానే ఖర్చయిపోతుంది. సంస్థ పెట్టాలా, సొంతంగా చేయాలా అన్నది ఈ ఒక్క లెక్కతో తేలదు. లాభాలు వచ్చాక రిబేట్ ఉన్న వ్యక్తికే పన్ను తక్కువ. నేనైతే నష్టాలను చూసి కాదు, మూడో ఏటి తర్వాత వచ్చే లాభాన్ని అంచనా వేసి నిర్ణయించుకోమంటాను.

భాగస్తుడు తప్పుకుంటే

బామ్మర్ది మూడో ఏట్లో తప్పుకుని, అతని స్థానంలో మరొకరు చేరారనుకోండి. తప్పుకున్న మనిషి వాటాకు తగిన వ్యాపార నష్టాన్ని సంస్థ ముందుకు తీసుకుపోలేదు. అతను ఉన్న కాలానికి వచ్చిన లాభం వాటా మేరకే మినహాయింపు. మిగిలిన నష్టం 9 లక్షలైతే దాదాపు సగం పోయే ప్రమాదం ఉంది. లెక్కలు తేల్చుకునేటప్పుడు క్యాపిటల్, అప్పులు మాట్లాడుకుంటారు గానీ ఈ నష్టం విలువ ఎవరూ మాట్లాడరు. తప్పుకునే తేదీని లాభం వచ్చిన ఏడాది ముగిశాక పెట్టుకోగలిగితే, ఆ ఏట్లో సర్దుబాటైన నష్టం దక్కుతుంది.

అడ్వాన్స్ టాక్స్‌లో దీని ప్రభావం

పన్ను చెల్లింపు తేదీలు నిజంగా కదిలేది ఇక్కడే. ఏడాది పన్ను 10 వేలు దాటేలా ఉంటే జూన్ 15కు 15 శాతం, సెప్టెంబర్ 15కు 45, డిసెంబర్ 15కు 75, మార్చి 15కు 100 శాతం చేరేలా కట్టాలి. ఈ అంచనాలో పాత నష్టాన్ని ముందే తీసేయవచ్చు. కాబట్టి మూడో ఏడు ఏ వాయిదా లేదు. నాలుగో ఏడు 45,240 మీద లెక్కగడితే జూన్‌లో 6,786, సెప్టెంబర్‌లో 13,572, డిసెంబర్‌లో మళ్లీ 13,572, మార్చిలో 11,310. నష్టం లేకపోతే జూన్ వాయిదాయే 56,160 ఉండేది. క్వారీ వాళ్లకు బాకీ తీర్చే రోజుల్లో ఆ డబ్బు చేతిలో ఉండటం చిన్న విషయం కాదు.

అయితే ఈ అంచనా వేసే ముందు ఐదో మెట్టులోని ఇంటిమేషన్లు చేతిలో పెట్టుకోండి. రికార్డులో లేని 8 లక్షల నష్టాన్ని నమ్ముకుని 45 వేలే కడితే, అసలు పన్ను 2,94,840 కాబట్టి తక్కువ కట్టిన మొత్తం మీద నెలకు ఒక శాతం వడ్డీ పడుతుంది. డిసెంబర్ వాయిదాకు ముందు ఎనిమిది నెలల అమ్మకాలు చూసి అంచనా మళ్లీ వేయండి. పాత నష్టం 10.55 లక్షల దగ్గర ఆగిపోతుంది, కాబట్టి లాభం 12 నుంచి 15 లక్షలకు పెరిగితే పెరిగిన 3 లక్షలకూ పూర్తిగా 31.2 శాతం పన్ను పడుతుంది. అంటే 93,600 రూపాయలు డిసెంబర్, మార్చి వాయిదాల్లో అదనంగా సర్దుకోవాలి.